రెండు ఆర్డర్ కాగితాలు



పోయిన ఆదివారం మా కాలేజీలో చదివిన ఒక తమ్ముడు ఇంటికొచ్చాడు. బీఎస్సీ కెమిస్ట్రీ. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి పరవాడ వైపు మందుల ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం. రెండోది నర్సీపట్నంలోనే ఒక స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం. "దేంట్లో చేరమంటారు మేడమ్?" అన్నాడు. జీతాలు పక్కపక్కన రాసుకొచ్చాడు. ఇంకేం రాయలేదు.

నేను వెంటనే చెప్పలేకపోయాను. 2019 జూన్‌లో నా చేతిలోనూ ఇలాగే రెండు కాగితాలుండేవి. అప్పుడు వేసుకున్న లెక్కల్లో కొన్ని సరిపోయాయి, ఒకటి ఘోరంగా తప్పింది. ఈ వారం ఆ లెక్క చెప్తాను. పిల్లలు ఎలాగూ అడుగుతున్నారు.

అప్పటికి తెలుగులో పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేసి వైవా కోసం ఎదురుచూస్తున్నాను. ఫెలోషిప్ అయిపోయింది. అమ్మ చెరుకు తోటల్లో కూలికి వెళ్లేది. మొదటి కాగితం విశాఖలోని ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీది. ఇంటర్ పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్ తెలుగు చెప్పాలి, నెలకు 32 వేలు. రెండోది మా ఊరి నుంచి గంట ప్రయాణంలో ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. గంటల లెక్కన డబ్బులు, నెలంతా క్లాసులు పడితే 15 వేలు. వేసవి సెలవుల్లో సున్నా. రెండు కాలేజీల పేర్లూ చెప్పను, ఇక్కడ వాటితో పనిలేదు.

ఎవరిని అడిగినా ఒకటే మాట, "ఇందులో ఆలోచించడానికేముంది?" నిజమే, 32 ఎక్కడ, 15 ఎక్కడ!

అమ్మ మాత్రం జీతం అడగలేదు. "ఎవుల కిందే పని?" అంది.

ఆ ప్రశ్న అమ్మది కాదు, మా తాతది. పాలేరును మా వైపు కంబారి అంటారు. తాత కంబారి. ఏడాదికోసారి ఒప్పందం మారేటప్పుడు ఇద్దరు రైతులు పిలిస్తే, గింజలు ఎన్ని కొలుస్తారో చివర్న అడిగేవాడట. ముందు పాత కంబారి ఇంటికి వెళ్లేవాడు. జొరమొచ్చిన రోజు ఏమన్నాడు? ముందుగా ఇచ్చిన డబ్బు లెక్క కాగితం మీద రాశాడా, నోటితో చెప్పాడా? గింజలు పండగ ముందు కొలిచాడా, తర్వాత కొలిచాడా? ఇవి తెలుసుకుని గానీ మాట ఇచ్చేవాడు కాదు. ఇవాళ కంపెనీల పుస్తకాల్లో మేనేజర్ నాణ్యత, ఉద్యోగ భద్రత అని రాసేది ఇదే. చదువురాని మా తాత దాన్ని పాత కంబారిని అడిగి తెలుసుకునేవాడు.

నేనూ అలాగే మొదలుపెట్టాను.

ముందు డబ్బు సంగతి. ఇది తేలకుండా మిగతావి మాట్లాడితే కడుపు నిండినవాళ్ల కబుర్లలా ఉంటాయి. విశాఖ ఉద్యోగంలో ఏడాదికి 3,84,000. మా ఊరు అక్కడికి ఎనభై కిలోమీటర్ల పైనే, బస్సులో రెండున్నర గంటలు. రోజూ తిరగడం కుదరదు, గది తీసుకోవాలి. గదికి 7 వేలు, ఇంట్లో ఉంటే తప్పిపోయే తిండి, రాకపోకల ఖర్చు 6 వేలు. ఏడాదికి 1,56,000 పోతే మిగిలేది 2,28,000. గెస్ట్ ఉద్యోగంలో పది నెలలకు 1,50,000. బస్సుకు నెలకు 1,500 చొప్పున 15 వేలు పోతే 1,35,000. అంటే కాగితం మీద 2,34,000 ఉన్న తేడా చేతికొచ్చేసరికి 93 వేలైంది.

తర్వాత గంటలు లెక్కేశాను. జూనియర్ కాలేజీలో పొద్దున ఎనిమిదికి వెళ్తే స్టడీ అవర్స్ అయ్యేసరికి రాత్రి ఎనిమిది. వారానికి 72 గంటలు, ఏడాదికి 50 వారాలు, మొత్తం 3,600 గంటలు. డిగ్రీ కాలేజీలో రోజుకు ఏడు గంటలు, రానూపోనూ రెండు గంటలు కలిపి తొమ్మిది. వారానికి 54, ఏడాదికి 40 వారాలు, మొత్తం 2,160 గంటలు. ఇప్పుడు మిగిలిన డబ్బును గంటలతో భాగించండి. అక్కడ గంటకు 63 రూపాయలు, ఇక్కడ 62 రూపాయల 50 పైసలు.

ఆ రాత్రి లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. విశాఖ వాళ్లు నా గంటకు ఎక్కువ ఇవ్వడం లేదు. నా గంటలు ఎక్కువ కొంటున్నారు, అంతే. అమ్ముకోవాలా, దాచుకోవాలా అన్నది నా ప్రశ్న. దాచుకున్న గంటలతో ఏదైనా చేస్తేనే దాచుకున్నందుకు అర్థం. ఊరికే పోతే 93 వేలు పోయినట్టే.

ఇక ఉద్యోగం నిలుస్తుందా అన్న ప్రశ్న. విశాఖ కాలేజీ పెద్దది, బ్రాంచీలున్నాయి, కాబట్టి అదే గట్టిదనుకున్నాను. కాలేజీ ముందున్న టీ కొట్టు దగ్గర రాత్రి ఎనిమిదిన్నరకు నిలబడితే, బయటికొచ్చిన ఒక లెక్చరర్ అన్న అసలు సంగతి చెప్పాడు. ఎనిమిది సెక్షన్లలో ఏడు సంస్కృతం, ఒకటి తెలుగు. మన దగ్గర ఇంటర్ చదివినవాళ్లకు కారణం తెలుసు. సంస్కృతం తీసుకుంటే మార్కులు దండిగా పడేవి, ఎంసెట్‌కూ జేఈఈకీ టైము మిగిలేది. తెలుగు దేశంలో తెలుగు ఒక్క సెక్షన్‌కు కుదించుకుపోయింది. వచ్చే ఏడాది ఆ ఒక్కటీ సంస్కృతమైతే నేనెక్కడుంటాను? కాలేజీ గట్టిదే, కానీ అందులో నా సబ్జెక్టు కుర్చీ మూడుకాళ్లది. మిత్రులారా, సంస్థ ఎంత పెద్దదని అడగకండి. అందులో మీ పని ఎన్ని సెక్షన్లలో, ఎన్ని యంత్రాల మీద, ఎంతమందితో నడుస్తోందో అడగండి.

ఆ అన్న ఇంకో మాట కూడా చెప్పాడు. వేసవిలో క్లాసులుండవు, అడ్మిషన్లుంటాయి. లెక్చరర్లే ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించాలి, తలకింతమంది అని టార్గెట్. మర్నాడు ఇంటర్వ్యూలో డీన్‌ను నేనే అడిగాను. ఆయన నవ్వి, "మీకేం మేడమ్, మీ పేటల్లో మీకు పరిచయాలుంటాయి కదా" అన్నాడు. నా దరఖాస్తులో కులం గడి ఉంది. నా థీసిస్ దేని మీదో ఆయన అడగలేదు, పేట మాత్రం గుర్తుంది. మా పేటలో పిల్లల తల్లులు డ్వాక్రా అప్పు తెచ్చి ఫీజు కడతారు. వాళ్ల గుమ్మం ముందు నిలబడి లక్ష రూపాయల ఫీజు రసీదు రాయించే పని నాది. నేను ఎదగడానికి వాళ్లు చూపించిన దారి అది.

మేనేజర్ ఎలాంటివాడో తెలుసుకోవడానికి ఆ రోజు ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను. "నాకు వైవా ఉంటుంది, తేదీ యూనివర్సిటీ చేతిలో ఉంది, ఆ రోజు సెలవిస్తారా?" డీన్ "అప్పుడు చూద్దాం" అన్నాడు. డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ "ముందు రోజు చెప్పండి, క్లాసు సర్దుతాం. అయ్యాక పిల్లలకు ఓ గంట దాని గురించి చెప్పండి" అన్నారు. ఆ ఒక్క సెలవు గురించి ఇద్దరూ ఇచ్చిన జవాబుతో నాకు అర్థమైపోయింది. మీ ప్రశ్న మీరు వెతుక్కోండి. పరీక్ష తేదీ కావచ్చు, ఇంట్లో పెద్దవాళ్ల ఆస్పత్రి కావచ్చు. మీకు నిజంగా అవసరమైనదే అడగండి, ఊహించి అడిగితే అవతలివాళ్లూ ఊహించే జవాబిస్తారు.

ఇంకొకటి. జూనియర్ కాలేజీ వాళ్లు చేరే రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు, విద్యా సంవత్సరం అయ్యాక ఇస్తామన్నారు. పదో తరగతి మెమో నుంచి పీజీ దాకా. తరతరాలకు మా ఇంట్లో పుట్టిన ఆస్తి ఆ ప్లాస్టిక్ కవరే. నడుమ ఏపీపీఎస్సీ వెరిఫికేషన్‌కు పిలిస్తే? ఇంకోచోట ఉద్యోగమొస్తే? అది ఉద్యోగ భద్రత కాదు, వాళ్ల దగ్గర నేను తాకట్టు ఉండటం. ఎవరైనా చూస్తామంటే చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ మాత్రం సాయంత్రానికి మీతో ఇంటికి రావాలి.

గది సంగతి ఒక్క మాటలో చెప్తాను. విశాఖలో మూడిళ్లు చూశాను. రెండు చోట్ల "మీరేమిట్లు?" అని అడిగారు. మూడో చోట అడగలేదు, "నాన్‌వెజ్ వండుతారా?" అన్నారు.

ఇక్కడ బాబాసాహెబ్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? కొలంబియాలో చదివి 1917లో బరోడా సంస్థానంలో చేరారు. స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం పదేళ్లు అక్కడ పనిచేయాలి. పెద్ద పదవి, రాజుగారి అండ. కానీ ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలతో గుంపు వచ్చి గెంటేసింది. ఆయన స్వయంగా రాసుకున్నారు. మహారాజు ఎంత మంచివాడైనా ఆఫీసులో ఫైలు అందించే బంట్రోతు, ఊళ్లో ఇంటి యజమాని మహారాజులు కారు కదా. ఆర్డర్ మీద సంతకం పెట్టినవాడు ఒకడు, రోజూ మన ముఖం చూసేవాడు ఇంకొకడు. మేనేజర్ అంటే రెండోవాడే.

తర్వాత 1918 నవంబర్‌లో బొంబాయి సిడెన్హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. నెలకు 450 రూపాయలు. అక్కడా కుండలో నీళ్లు తాగితే అభ్యంతరం చెప్పిన తోటి ప్రొఫెసర్లున్నారు. కాబట్టి అదేం స్వర్గం కాదు. కానీ ఆ ఉద్యోగం ఆయన్ని చదువుకు దగ్గరగా ఉంచింది. 1920లో దాన్ని వదిలి, దాచుకున్న డబ్బుతో, మిత్రుల సాయంతో లండన్‌లో ఆగిన చదువు పూర్తిచేయడానికి వెళ్లిపోయారు. పదేళ్ల బరోడాను పదకొండు రోజుల్లో వదలాల్సివచ్చింది, రెండేళ్లు కూడా చేయని సిడెన్హామ్ తర్వాతి మెట్టయింది.

నా రెండు కాగితాలనూ అందుకే ఈ ఒక్క ప్రశ్నతో కొలిచాను: ఈ ఉద్యోగం మూడేళ్లకు పోతే నా చేతిలో ఏం మిగులుతుంది?

విశాఖలో డబ్బు మిగులుతుంది, ఇంటర్ వాచకం కంఠతా మిగులుతుంది. డిగ్రీ కాలేజీలో డిగ్రీ స్థాయి అనుభవం మిగులుతుంది. 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు షార్ట్‌లిస్ట్ చేసే పట్టికలో బోధనానుభవానికి ఏడాదికి 2 మార్కులు, గరిష్ఠంగా 10. ప్రచురించిన పరిశోధనా వ్యాసానికీ ఒక్కోదానికి 2. మిగిలిన గంటల్లో వ్యాసాలు రాయొచ్చు, లైబ్రరీ ఉంది, కొండమీది ఊళ్ల నుంచి వచ్చే ఆదివాసీ పిల్లల దగ్గర నాకు తెలియని భాషలున్నాయి. ఈ లెక్కతో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను.

ఇప్పుడు తప్పిన లెక్క చెప్తాను.

"నెలకు 15 వేలు" అన్నారు కదా, ఏ నెలలో ఇస్తారని అడగలేదు. మొదటి డబ్బు ఐదో నెలలో పడింది. అప్పటిదాకా అమ్మ డ్వాక్రా సంఘంలో రూపాయి వడ్డీకి అప్పు తెచ్చింది. అడగాల్సినది తాత ఎప్పుడో చెప్పాడు, గింజలు పండగ ముందా, తర్వాతా అని. నేను సెలవు గురించి అడిగాను గానీ, అక్కడ అప్పటికే ఉన్న గెస్ట్ లెక్చరర్ బ్యాంకు పాస్‌బుక్ ఒక్కసారి చూపించమని అడగలేదు. ఉద్యోగం ఉంటుందా, పోతుందా అన్నదొక్కటే భద్రత కాదు. ఏ తేదీన డబ్బు పడుతుందన్నది కూడా భద్రతే. మనలాంటి ఇళ్లలో అదే పెద్దది.

ప్రయాణం కూడా తక్కువ అంచనా వేశాను. గంట దూరమే, నిజం. కానీ గంటల లెక్కన జీతమున్నవాళ్లకు బస్సు తప్పిపోతే పోయేది టైము కాదు, కూలి. వానాకాలంలో నెలకు రెండు మూడు రోజులు మొదటి పీరియడ్ పోయేది. జీతం నెలకా, గంటకా అన్నదాన్ని బట్టి దూరం విలువ మారుతుంది. నెల జీతగాడికి అరగంట ఆలస్యమైతే మాట పడతాడు, గంట జీతగాడికి ఆ రోజు కూర తగ్గుతుంది.

అనుభవం మార్కుల్లోనూ ఒక మెలిక ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. అవే 2018 నిబంధనల్లో, తాత్కాలిక, కాంట్రాక్టు సర్వీసును గత సర్వీసుగా లెక్కించాలంటే కొన్ని షరతులున్నాయి. సెలెక్షన్ కమిటీ ద్వారా తీసుకుని ఉండాలి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తక్కువ కాకుండా ఇచ్చి ఉండాలి. గెస్టుకు గంటకు 1,500, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019 జనవరిలో చెప్పింది. నాకొచ్చింది అందులో మూడో వంతు కూడా కాదు. తక్కువ ఇచ్చినవాళ్లదే తప్పు, సర్వీసు పోగొట్టుకున్నదాన్ని నేను. అందుకే అనుభవం వస్తుందని ఎవరైనా అంటే, అది రేపు ఏ నోటిఫికేషన్‌లో ఏ గడిలో పడుతుందో చదివి చూసుకోండి. చేరిన రోజు నుంచే సర్వీస్ సర్టిఫికెట్, టైంటేబుల్ కాపీ, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి. ఎప్పుడో రెగ్యులర్ చేస్తారన్న ఆశ మీద మాత్రం చేరకండి. 2023లో మన రాష్ట్రం తెచ్చిన క్రమబద్ధీకరణ చట్టం కూడా 2014 జూన్ 2కు ముందు నుంచి ఉన్న కాంట్రాక్టు ఉద్యోగుల కోసమే. 2019లో చేరిన గెస్టుకు అందులో చోటు లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. క్లాసులు లేవు కాబట్టి నాకు గంటలూ లేవు, డబ్బూ లేదు. టీ కొట్టు దగ్గర కలిసిన అన్నకు ఫోన్ చేశాను. రెండు నెలలు సగం జీతమిచ్చి, జూన్‌లో రావద్దన్నారట. గట్టిదనుకున్నదీ, బలహీనమనుకున్నదీ ఒకే వేసవిలో కూలాయి. తేడా ఒక్కటే. అప్పటికి నా వైవా అయిపోయింది, రెండు వ్యాసాలు అచ్చయ్యాయి, సర్టిఫికెట్ల కవరు ఇంట్లో బీరువాలో ఉంది. అన్న తన ఒరిజినల్స్ కోసం మూడుసార్లు విశాఖ వెళ్లాడు. ఆ వేసవిలో నాకు పనికొచ్చినవి అవే, వాటితోనే తర్వాత ఇప్పుడున్న కాలేజీకి వచ్చాను. ఇదీ పర్మనెంట్ కాదు. కానీ జీతం ఐదో తారీఖున పడుతుంది. ఈసారి చేరకముందే పాస్‌బుక్ చూశాను.

తమ్ముడికి ఇదంతా చెప్పి, నా దారిలో రమ్మని చెప్పలేదు. వాళ్ల ఇంట్లో నాన్న ఆపరేషన్‌కు చేసిన అప్పుంది, మూడు రూపాయల వడ్డీ. లక్షకు నెలకు మూడు వేలు. అలాంటి ఇంట్లో గంటలు దాచుకోవడం కంటే ముందు అప్పు దింపడమే లెక్క. నాకు ఆ అప్పు ఉంటే నేనూ విశాఖ బస్సెక్కేదాన్ని, కాకపోతే సర్టిఫికెట్లు జిరాక్స్ ఇచ్చి.

కాబట్టి ఫ్యాక్టరీ గురించి కనుక్కోమని నాలుగు సంగతులు రాసిచ్చాను. ట్రైనీ కాలం ఎన్ని నెలలు, అది అయ్యాక ఆర్డర్ కంపెనీ పేరు మీదా, కాంట్రాక్టర్ పేరు మీదా? పని ల్యాబ్‌లోనా, రియాక్టర్ల దగ్గరా? ఎందుకంటే నేర్చుకునేదీ, ప్రాణానికుండే ప్రమాదమూ రెండూ దాంతో మారతాయి. రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు నర్సీపట్నం దాకా వస్తుందా, అనకాపల్లిలో దింపేస్తుందా? పోయినేడు చేరినవాళ్లలో ఇంకా ఎంతమంది ఉన్నారు, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు? స్కూలు గురించి రెండే: వేసవిలో జీతముందా, పీఎఫ్ కడతారా?

"ఎవర్ని అడగాలి మేడమ్? హెచ్ఆర్‌నా?" అన్నాడు.

"కాదు. షిఫ్టు దిగి వచ్చేవాణ్ణి" అన్నాను.

బుధవారం పొద్దున పరవాడ వెళ్తానన్నాడు. వచ్చాక ఏం తెలిసిందో వచ్చే వారం రాస్తాను.

జై భీమ్.